మీకు తెలుసా? ‘అంతర’ ఆపాక నెలసరి ఆలస్యమెందుకు?

ప్రభుత్వాసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో 3 నెలలకోసారి ఇచ్చే గర్భనిరోధక ఇంజెక్షన్‌లోని హార్మోన్ నీటిలో తేలికగా కరగని సూక్ష్మ స్ఫటికాలుగా కండరంలో నిలిచి, కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది గనుక, తర్వాతి సూది మానేసినంత మాత్రాన దాని ప్రభావం వెంటనే తొలగిపోదు. రోజూ వేసుకునే మాత్రల హార్మోన్లు కొద్ది రోజుల్లోనే శరీరాన్ని వీడతాయి. వాటిని మానిన చాలామందిలో 1 నుంచి 3 నెలల్లో అండోత్సర్గం, అంటే అండాశయం నుంచి అండం విడుదల కావడం, మళ్లీ మొదలవుతుంది. ఇంజెక్షన్ విషయంలో గర్భధారణ శక్తి తిరిగి రావడానికి చివరి సూది నుంచి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. జనవరిలో చివరి సూది వేయించుకున్న స్త్రీకి ఏప్రిల్‌తో దాని రక్షణ గడువు ముగిసినా, గర్భం ఆగస్టు-నవంబరు మధ్య నిలిస్తే అది అసహజమైన జాప్యం కాదు, సంతాన లోపమూ కాదు.

అయితే కొందరిలో అండం ఇంతకన్నా చాలా ముందే విడుదల కావచ్చు. ఇక మాత్రల విషయానికొస్తే, అవి ఆపిన 2, 3 రోజులకు కనిపించే రక్తస్రావం హార్మోన్ తగ్గడం వల్ల గర్భాశయపు లోపొర ఊడిపోవడమే తప్ప అసలు నెలసరి కాదు. అసలు నెలసరి అండం విడుదలైన సుమారు 2 వారాలకు వస్తుంది. కాబట్టి తొలి నెలసరి రాకముందే గర్భం నిలిచే అవకాశముంది. మాత్రలు మాని 3 నెలలైనా నెలసరి రాకపోతే ముందుగా చేయించుకోవలసింది గర్భ నిర్ధారణ పరీక్షే.