పోజు నిలవాలి, దుస్తులు మారాలి: ఏ గీత ఉంచాలి, ఏ గీత చెరపాలి?

చుడీదార్ వేసుకుని, కుడి చెయ్యి నడుం మీద పెట్టుకుని గోడ ముందు నిలబడిన ఒక యువతి ఫొటో ఉందనుకుందాం. అదే ఫొటోలో ఆమెకు లంగా ఓణీ వేసి చూపించాలి. బొమ్మలు వేసే ఏఐకి ఆ సంగతి మాటల్లో చెబితే లంగా ఓణీ వస్తుంది కానీ మనిషి మారిపోతుంది. నడుం మీది చెయ్యి కిందికి దిగుతుంది, భుజం వంపు వేరవుతుంది, ముఖం ఇంకెవరిదో అవుతుంది. యంత్రం బొమ్మ మొత్తాన్ని కొత్తగా వేస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. దుస్తులు మాత్రమే మారాలంటే రెండు పనులు కలిపి చేయాలి. ఎక్కడ మార్చాలో మాస్క్‌తో చూపించాలి, అక్కడ శరీరం ఎలా ఉందో గీతలతో చెప్పాలి.

ఆ గీతలను అర్థం చేసుకునే పరికరమే కంట్రోల్‌నెట్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ల్వ్‌మిన్ జాంగ్, అన్యీ రావ్, మనీష్ అగ్రవాలా 2023లో దీన్ని రూపొందించారు. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి మోడల్‌ను ముట్టుకోకుండా, అందులో కొంత భాగానికి నకలు తీసి, ఆ నకలుకు మాత్రమే గీతల్ని చదవడం నేర్పించారు. అసలు మోడల్‌కు వచ్చిన విద్య చెడలేదు, గీత దాటకుండా వేయడం అదనంగా అబ్బింది.

ఇక గీతలు ఎలా వస్తాయో చూద్దాం. ఫొటోలో వెలుగు హఠాత్తుగా మారే చోటల్లా తెల్ల గీత, మిగతాదంతా నలుపు: ఇదే ఎడ్జ్ మ్యాప్. జాన్ కానీ 1986లో ప్రచురించిన పద్ధతినే ఇందుకు ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. అందులో రెండు హద్దులుంటాయి. మామూలుగా 100, 200 అని పెడతారు. మార్పు 200 దాటితే అది గీత, 100 లోపుంటే కాదు. మధ్యలో ఉన్నది ఏదైనా గట్టి గీతను అంటుకుని ఉంటేనే మిగులుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ పద్ధతికి ఒంటి గీతకూ బట్ట గీతకూ తేడా తెలియదు. మన ఫొటోలో భుజం వంపుతో పాటు కుర్తీ మెడ డిజైను, పువ్వుల ప్రింటు, పక్క చీలికలు, రెండు కాళ్ల గీతలూ తెల్లగా తేలతాయి. ఈ మ్యాప్‌ను ఉన్నదున్నట్టు ఇచ్చి లంగా ఓణీ అడిగితే, పట్టు రంగూ జరీ మెరుపూ ఉన్న చుడీదారే వస్తుంది. పోజును పట్టి ఉంచిన గీతలే పాత దుస్తుల్నీ పట్టి ఉంచుతాయి. అందుకే ఈ పనిలో నేర్పంతా ఏ గీతలు చెరపాలో తెలియడంలోనే ఉంది.

ముందు మాస్క్. మెడ కింద నుంచి చీలమండల దాకా దుస్తులున్న చోటంతా తెల్లగా పూయాలి. ముఖం, జుట్టు, చేతివేళ్లు, పాదాలు బయటే ఉండాలి. మాస్క్ బయటి భాగం పాత ఫొటో నుంచే వస్తుంది కాబట్టి వాటికి ఢోకా ఉండదు. అయితే లంగా చుడీదార్ కన్నా చాలా వెడల్పు. మాస్క్ కాళ్ల వెంబడే ఆగిపోతే లంగాకు పరుచుకునే చోటుండదు. నడుం నుంచి కిందికి వచ్చేకొద్దీ దాన్ని రెండు వైపులా గోడ మీదికి విప్పాలి. నడుం మీది చేతికీ ఒంటికీ మధ్య గోడ కనిపించే త్రికోణపు ఖాళీని మాత్రం మాస్క్‌లో కలపకూడదు. కలిపితే ఆ సందు బట్టతో నిండిపోయి, చెయ్యి ఒంటికి అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది.

తర్వాత ఎడ్జ్ మ్యాప్‌ను విడిగా సేవ్ చేసి, ఏదైనా బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్‌లో నల్ల బ్రష్‌తో దిద్దాలి. భుజాల వాలు, చేతుల వెలుపలి గీత, చంక నుంచి నడుం దాకా ఒంటి పక్కలు ఉంచాలి. మాస్క్ బయట ఉన్న వేళ్ల గీతలు కూడా ఉంచాలి. బట్ట వేళ్ల దగ్గర ఎక్కడ ఆగాలో యంత్రానికి వాటి వల్లే తెలుస్తుంది. మెడ డిజైను, ప్రింటు, కుర్తీ అంచు, చీలికలు, కాళ్ల గీతలు పూర్తిగా చెరపాలి.

చెరిపి ఊరుకుంటే ఇంకో ఇబ్బంది వస్తుంది. ఆ నలుపును కంట్రోల్‌నెట్ 'ఇక్కడ ఏ అంచూ లేదు' అని చదువుకుంటుంది. ఫలితంగా కుచ్చులు లేని, అట్టముక్కలా చదునైన లంగా వస్తుంది. దీనికి రెండు విరుగుళ్లున్నాయి. మొదటిది, నాలుగైదు గీతలు మనమే తెల్లగా గీయడం: లంగా రెండు పక్కలా, కింది అంచు, కుడి నడుం నుంచి ఎడమ భుజం మీదికి ఏటవాలుగా ఓణీ. రెండోది, గీతల పట్టు సడలించడం. `Control Weight` 1 నుంచి 0.7కు తగ్గించి, `Ending Control Step` 0.6 దగ్గర పెట్టి చూడవచ్చు. 30 అంచెల్లో బొమ్మ తయారవుతుంటే మొదటి 18 అంచెల దాకా గీతల మాట చెల్లుతుంది. ఆకారం దాదాపుగా అక్కడే స్థిరపడుతుంది. మిగతా 12 అంచెల్లో కుచ్చులూ మడతలూ యంత్రం తనంతట తాను వేసుకుంటుంది.

దిద్దిన మ్యాప్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు `Preprocessor` దగ్గర `none` అని ఎంచుకోవాలి. లేకపోతే అది గీతలకు మళ్లీ గీతలు తీసి, ప్రతిదాన్నీ జంటగా చేస్తుంది. `Denoising strength` 0.9 దరిదాపుల్లో ఉండాలి. 0.4 దగ్గర ఉంచితే పాత కుర్తీ రంగూ ఆకారమూ కొత్త బట్టలోకి చొరబడతాయి. ప్రాంప్ట్‌లో మనిషి వర్ణన అక్కర్లేదు, `half saree, maroon silk, gold border, elbow sleeves` అంటే సరిపోతుంది.

లంగా కాళ్లను కప్పేస్తుంది కాబట్టి ఎడ్జ్ మ్యాప్‌లో ఇప్పుడు మోకాళ్ల ఆనవాలు లేదు. ఆమె ఒక మోకాలు కొద్దిగా వంచి నిలబడి ఉంటే ఆ సంగతి వేరుగా చెప్పాలి. అందుకు ఓపెన్‌పోజ్ అనే రెండో కంట్రోల్‌నెట్‌ను జత చేస్తారు. ఇది భుజం, మోచెయ్యి, తుంటి, మోకాలు వంటి కీళ్లను చుక్కలుగా గుర్తించి గీతలతో కలుపుతుంది. ముగ్గుకు చుక్కల్లా అవి ఒంటి అమరికను చెబుతాయి, బట్ట గురించి ఏమీ చెప్పవు.

ఫలితం సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి పాత ఫొటోనూ కొత్తదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూడాలి. భుజం కదిలినట్టు కనిపిస్తే అక్కడి గీత పొరపాటున చెరిగిపోయిందనో, వెయిట్ మరీ తగ్గిందనో అర్థం. లంగా మధ్యలో నిలువుగా చీలిక కనిపిస్తే కాళ్ల గీతలు మిగిలిపోయాయి. ఆరో వేలు మొలిస్తే మాస్క్ వేళ్ల మీదికి పాకింది. మెడ చుట్టూ అతుకు కనిపిస్తే మాస్క్ అంచును ఇంకొంచెం మెత్తబరచాలి.

ఇంత చేసినా తీరని పరిమితి ఒకటుంది. యంత్రం వేసింది బట్ట పోలికే తప్ప బట్ట కాదు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైను అంచులు మెత్తగా చెదిరినట్టుంటాయి. ఏఐ ఆ తీరును అనుకరిస్తుంది, మీ చేతిలో ఉన్న చీర డిజైనును మాత్రం గళ్లు లెక్కపెట్టి వేయలేదు. కాబట్టి ఏ రంగు, ఏ కుట్టు బాగుంటుందో ఎంచుకోవడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. అమ్మే చీరకు ఫొటోగా వాడితే కొనేవారిని మోసం చేసినట్టే.

దుస్తులు మార్చే ఈ చేతివాటంతోనే మనిషి పరువూ తీయవచ్చు. ఫొటోలోని మనిషిని ముందుగా అడగండి, ఏ దుస్తులు వేయబోతున్నారో చెప్పండి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. నలుగురికీ చూపించేటప్పుడు దుస్తులు ఏఐ వేసినవని బొమ్మ కిందే రాయండి.