డిష్ బాగానే ఉంది, బొమ్మే రావట్లేదు

కరెంటు పోయి వచ్చింది. టీవీ వెలిగింది, సెట్‌టాప్ బాక్స్ మీద లైటూ వెలిగింది. తెర మీద మాత్రం No Signal అన్న అక్షరాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చాలా ఇళ్లలో వెంటనే ఎవరో ఒకరు డిష్ కదిలిందేమో చూడటానికి మేడెక్కుతారు, లేదంటే కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తారు.

అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఆ అక్షరాలు ఎవరివి? డిష్ నుంచి సిగ్నల్ అందకపోతే ఆ సంగతి చెప్పేది బాక్సే. కంపెనీ గుర్తు, ఎర్రర్ నంబరు తెర మీదికి వస్తాయి, రిమోట్ నొక్కితే మెనూ కూడా తెరుచుకుంటుంది. అవి కనిపిస్తున్నాయంటే బాక్స్ నుంచి టీవీకి దారి బాగానే ఉన్నట్టు. అలా కాకుండా టీవీ తన సొంత అక్షరాలతో No Signal అని చూపిస్తూ, బాక్స్ రిమోట్‌లో మెనూ నొక్కినా తెర మీద ఏ కదలికా లేదంటే మేడెక్కడం దండగ. సరైన ఇన్‌పుటే ఎంచుకున్నామో లేదో ఒకసారి చూసుకుని, టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ దగ్గరికి వెళ్లాలి.

పాత ఎరుపు, పసుపు, తెలుపు తీగల్లో ఈ పేచీ ఉండేది కాదు. బాక్స్ పంపింది టీవీ చూపించేది, అంతే. హెచ్‌డీఎంఐలో బొమ్మ వెళ్లేముందు రెండు యంత్రాలూ మాట్లాడుకుని ఒక ఒప్పందానికి రావాలి. దాన్నే హ్యాండ్‌షేక్ అంటారు. మామూలు హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. బాక్స్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. టీవీ సిద్ధంగా ఉంటే 19వ పిన్నును పైకెత్తి ‘నేనున్నాను’ అని తెలియజేస్తుంది. అప్పుడు బాక్స్ ఇంకో రెండు సన్నటి తీగల మీదుగా టీవీలోని ఒక చిన్న పట్టికను చదువుకుంటుంది. ఆ పట్టిక పేరు ఈడిఐడి. ఏ రిజల్యూషన్లు చూపించగలదో, ఏ రకం ధ్వనిని తీసుకోగలదో టీవీ అందులో రాసి పెట్టుకుంటుంది. దాన్ని బట్టి బాక్స్ బొమ్మ పంపడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత కాపీ చేయకుండా కాపాడే హెచ్‌డీసీపీ తాళం పడుతుంది. రెండు వైపులా తాళంచెవులు సరిపోలితేనే కార్యక్రమం కంటికి కనిపిస్తుంది.

కరెంటు రాగానే వచ్చే No Signal చాలాసార్లు ఈ వరుస తప్పడం వల్లే వస్తుంది. టీవీ, బాక్స్ రెండూ ఒకే స్విచ్‌బోర్డు మీద ఉంటాయి కాబట్టి ఒకేసారి మేలుకుంటాయి. టీవీ ఇంకా తేరుకోకముందే బాక్స్ పలకరిస్తే 19వ పిన్ను నుంచి జవాబు రాదు, లేదా పట్టిక సగమే చదవడం అవుతుంది. తర్వాత టీవీ సిద్ధమై పిన్ను ఎత్తినప్పుడు బాక్స్ మళ్లీ మొదటి నుంచి మాట్లాడాలి. మంచి సాఫ్ట్‌వేర్ ఉన్న బాక్సులు ఆ పని చేస్తాయి, కొన్ని చేయవు. రిమోట్‌తో ఆపి వేయడం ఇలాంటప్పుడు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే స్టాండ్‌బైలో లోపలి చిప్ మేలుకునే ఉండొచ్చు, ఆ 5 వోల్టులూ అలాగే ఉండొచ్చు. రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసి ఒక నిమిషం ఆగాలి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను రెండు చివరలా తీసి గట్టిగా పెట్టాలి. ముందు టీవీ వేసి, బాక్స్ ఉన్న ఇన్‌పుట్ ఎంచుకుని, ఆ తర్వాతే బాక్స్‌కు కరెంటు ఇవ్వాలి. ఈ వరుసలో వేసినప్పుడు బొమ్మ వచ్చిందంటే లోపం డిష్‌లోనూ లేదు, కేబుల్లోనూ లేదు.

మినుకుమినుకుమనడం వేరే కథ. గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ హాలు అనుకుందాం. టీవీ గోడకు బిగించి ఉంది, బాక్స్ అవతలి గోడ అల్మరాలో ఉంది. ఇల్లు కట్టినప్పుడే గోడలోని పైపులోంచి ఎనిమిది మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ లాగించారు. హెచ్‌డీ బాక్స్‌తో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. కొత్తగా 4కె బాక్స్ పెట్టగానే తెర మీద తెల్లటి చుక్కలు చిటపటలాడటం, కొన్ని క్షణాలకోసారి తెరంతా నల్లబడి మళ్లీ రావడం మొదలైంది. బాక్స్ మార్చారు, అయినా అదే తంతు. పాత బాక్స్ పెడితే బ్రహ్మాండంగా వస్తోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ కేబుల్ మీద అనుమానం రాదు.

అనుమానించాల్సింది కేబుల్‌నే. పాత బాక్స్ పంపిన 1080ఐ బొమ్మకు సెకనుకు సుమారు 2.2 గిగాబిట్లు చాలు. సెకనుకు 60 ఫ్రేముల 4కె బొమ్మ పూర్తి రంగులతో వెళ్లాలంటే దానికి ఎనిమిది రెట్లు, దాదాపు 18 గిగాబిట్లు కావాలి. చిక్కంతా ఎక్కడుందంటే, ఒప్పందం మాట్లాడుకునే తీగలు వేరు, బొమ్మ మోసే తీగలు వేరు. మాటలు చాలా నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి పాత కేబుల్లోనూ సాఫీగా వెళ్తాయి. ‘60 ఫ్రేముల 4కె నాకు వచ్చు’ అని టీవీ చెబుతుంది, బాక్స్ నమ్మి పంపుతుంది. మధ్యలో ఉన్న కేబుల్‌ను ఎవరూ అడగరు. బొమ్మ దారిలో చెదిరితే ముందు చుక్కలు కనిపిస్తాయి. చెదరడం ఇంకా ఎక్కువైతే టీవీ పట్టు తప్పుతుంది, తాళం విడిపోతుంది, బాక్స్ మళ్లీ హ్యాండ్‌షేక్ మొదలుపెడుతుంది. ఆ కాసేపే మనకు తెర నల్లగా కనిపిస్తుంది.

తెలిసిన మెకానిక్ దీన్ని రెండు పరీక్షలతో తేలుస్తాడు. బాక్స్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి 2160p 60Hz ఉన్నచోట 1080p పెడతాడు. బొమ్మ నిలకడగా నిలబడితే సగం తేలినట్టే. తర్వాత బాక్స్‌ను టీవీ దగ్గరికి తెచ్చి, మీటరున్నర కేబుల్‌తో నేరుగా కలిపి మళ్లీ 2160p పెడతాడు. అదీ నిలబడితే గోడలోని కేబులే దోషి. చిన్న దూరానికైతే 18 గిగాబిట్లకు పరీక్షించిన ‘ప్రీమియం హై స్పీడ్’ లేబుల్ ఉన్న కేబుల్ సరిపోతుంది. ఎనిమిది మీటర్లకు ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ మేలు. అయితే దానికి బాక్స్ చివర, టీవీ చివర వేరువేరుగా ఉంటాయి. తిరగేసి పెడితే బొమ్మే రాదు, గోడలోకి లాగేముందే చూసుకోవాలి. పైసా ఖర్చు లేని దారి బాక్స్‌ను 1080p లోనే ఉంచడం. మన హెచ్‌డీ చానళ్లలో ఎక్కువ భాగం 1080ఐలోనే ప్రసారమవుతాయి కాబట్టి వార్తలు, సీరియళ్లు చూసేవాళ్లకు కోల్పోయేది దాదాపు ఏమీ ఉండదు.

మెనూ చక్కగా కనిపించి, సినిమా వేయగానే తెర నల్లబడితే మాత్రం హెచ్‌డీసీపీని అనుమానించాలి. బాక్స్‌కీ టీవీకీ మధ్య పాత సౌండ్‌బార్ గానీ, ఒక బొమ్మను రెండు టీవీలకు పంచే స్ప్లిట్టర్ గానీ ఉంటే అదీ తాళంచెవి చూపించాలి. 4కె సినిమాలు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 అడుగుతాయి. మధ్యలోని పరికరానికి అది తెలియకపోతే బొమ్మ 1080కి దిగుతుంది, లేదా అసలు రాదు. దాన్ని తప్పించి బాక్స్‌ను నేరుగా టీవీకి పెట్టి చూస్తే విషయం వెంటనే తెలిసిపోతుంది.

పిడుగులు పడ్డ రాత్రి తర్వాత మొదలైన No Signal అయితే ఈ చిట్కాలేవీ పనిచేయకపోవచ్చు. అప్పుడు పోర్టు వెనక ఉన్న చిప్పే పోయి ఉండొచ్చు. అదే కేబుల్‌తో, అదే పోర్టులో పక్కింటివాళ్ల బాక్స్ గానీ ల్యాప్‌టాప్ గానీ పెట్టి చూడండి. బొమ్మ వస్తే లోపం మీ బాక్స్‌లో ఉంది. రాకపోతే టీవీలోని వేరే పోర్టు ప్రయత్నించండి. ఇవన్నీ చూశాకే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. ‘టీవీ రావట్లేదు’ అనకుండా ‘బాక్స్ మెనూ కూడా రావట్లేదు, వేరే కేబుల్ పెట్టినా అంతే’ అని చెప్పండి. అప్పుడు వచ్చే మనిషి డిష్ తిప్పి విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయే అవకాశం తగ్గుతుంది.