లేబుల్ మీది దేశం

ఒకే పళ్లరసం, ఒకే గుడ్డముక్క. మారిందల్లా వాటి మీద అంటించిన లేబులే. గ్వాటెమాలాలో రాబర్ట్ స్కూలర్ అనే అమెరికన్ పరిశోధకుడు విద్యార్థులను నాలుగు బృందాలు చేసి వీటిని చూపించాడు. ఒక బృందానికిచ్చిన సరుకు మీద గ్వాటెమాలా అని, ఇంకో బృందానికిచ్చిన దాని మీద మెక్సికో అని, మిగతా రెండింటికి కోస్టారికా, ఎల్ సాల్వడార్ అని రాసి ఉంది. సరుకు ఎలా ఉందో చెప్పమంటే, కోస్టారికా, ఎల్ సాల్వడార్ లేబుళ్లు చూసినవాళ్లు తక్కువ మార్కులు వేశారు. స్వదేశం పేరుకీ, మెక్సికో పేరుకీ మంచి మార్కులు పడ్డాయి. ఈ ఫలితాలు 1965లో అచ్చయ్యాయి. సరుకు పుట్టిన దేశం పేరు కొనుగోలుదారుడి అంచనాను ఎలా మారుస్తుందో ప్రయోగం చేసి చూపిన మొదటి పరిశోధనగా మార్కెటింగ్ పాఠాలన్నీ దీన్నే చెప్తాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే సంగతి మరొకటుంది. అప్పటికే గ్వాటెమాలా, కోస్టారికా, ఎల్ సాల్వడార్ మూడూ మధ్య అమెరికా ఉమ్మడి మార్కెట్‌లో భాగస్వాములు. మెక్సికో అందులో లేదు. ప్రభుత్వాలు సుంకాలు తగ్గించి గేట్లు తెరిచినా, జనం మనసులో మాత్రం ఒప్పందంలో లేని దేశానికే మంచి పేరుంది. పొరుగు దేశాల మనుషుల మీద ఉన్న అభిప్రాయమే వాళ్ల సరుకు మీదికీ పాకిందని స్కూలర్ తేల్చాడు.

శిక్షగా వచ్చి బిరుదైన ముద్ర

‘మేడ్ ఇన్ జర్మనీ’ అన్న మాట ఇవాళ కారు మీదో, చాకు మీదో కనిపిస్తే ధర రెండింతలున్నా జనం ఒప్పుకుంటారు. నిజానికి ఆ ముద్ర వేయించింది జర్మన్లు కాదు, బ్రిటిష్ వాళ్లు. చాకులూ కత్తెరలకూ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పట్టణం పేరుమోసింది. జర్మనీలోని జోలింగెన్ లాంటి చోట్ల తయారైన చవక చాకులు షెఫీల్డ్ పేరుతోనే బజారులోకొస్తున్నాయని అక్కడివాళ్లు గగ్గోలు పెట్టారు. దాంతో బ్రిటన్ 1887లో సరుకు ముద్రల చట్టం తెచ్చింది. బ్రిటిష్ సరుకని భ్రమింపజేసేలా ఉన్న విదేశీ వస్తువు మీద అది ఎక్కడ తయారైందో స్పష్టంగా రాయాలన్నది. ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని కనిపిస్తే జనం ముట్టుకోరని వాళ్ల లెక్క.

ఆ లెక్క అప్పటికి పూర్తిగా తప్పేమీ కాదు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వెళ్లిన జర్మన్ ఇంజినీరు ఫ్రాంజ్ రూలోనే తమ దేశపు సరుకు చవక, నాసి అని బాహాటంగా రాశాడు. ఆ విమర్శ తగలాల్సిన చోటే తగిలింది. తయారీదారులు నాణ్యత పెంచారు. చట్టం వచ్చి పదేళ్లు కాకముందే, 1896లో, జర్మన్ పోటీ గురించి బ్రిటన్‌ను హెచ్చరిస్తూ ఎర్నెస్ట్ విలియమ్స్ ఒక పుస్తకం రాశాడు. దాని పేరే ‘మేడ్ ఇన్ జర్మనీ’. లేబుల్ మాట మారలేదు, దాని వెనక సరుకు మారింది. దేశానికి ఉన్న పేరు శాశ్వతం కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పదిహేడు వాక్యాల కొలబద్ద

సరుకు బాగుందని తెలిసినా పరాయి దేశానిదని వద్దనుకునేవాళ్లుంటారు. ఇది నాణ్యతకు సంబంధించింది కాదు. విదేశీ సరుకు కొంటే మనవాళ్ల పని పోతుంది, అలా కొనడం తప్పు అన్న నమ్మకం. దీనికి టెరెన్స్ షింప్, సుభాష్ శర్మ 1987లో వినియోగదారుల స్వజాతి పక్షపాతం అన్న భావనతో ఒక కొలబద్ద తయారుచేశారు. పేరు సెట్‌స్కేల్. అందులో 17 వాక్యాలుంటాయి. మన దగ్గర దొరకనివి మాత్రమే దిగుమతి చేసుకోవాలి అన్న ధోరణిలో సాగుతాయవి. ఒక్కోదానికి ‘అసలు ఒప్పుకోను’ అంటే 1, ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అంటే 7. కాబట్టి మొత్తం 17కి తగ్గదు, 119 దాటదు. అన్నిటికీ ‘అటూ కాదు, ఇటూ కాదు’ అని 4 వేస్తే 68 వస్తుంది.

ఈ 68ని గుర్తుంచుకోండి. అమెరికాలో నాలుగు ప్రాంతాల్లో కొలిస్తే అందరికన్నా ఎక్కువ సగటు డెట్రాయిట్‌ది. అది కార్ల ఫ్యాక్టరీల ఊరు. జపాన్ కార్ల దెబ్బకు ఉద్యోగాలు పోతున్న కాలమది. బతుకుతెరువుకు నేరుగా ముప్పున్న చోట పక్షపాతం పెరుగుతుందన్న షింప్, శర్మల అంచనా నిజమైంది. అయితే ఆ సగటు కూడా 68ని కాస్తే దాటింది. లాస్ ఏంజెలెస్‌ది 57 లోపే. అంటే డెట్రాయిట్ జనం సైతం సగటున నడిమధ్య నిలబడ్డవాళ్లే. ఎక్కువ అన్నది పక్క ఊరితో పోలిస్తేనే. సర్వే నివేదికల్లో ఈ తేడా చెప్పకుండా ‘స్వదేశాభిమానం బలంగా ఉంది’ అని రాసేయడం చాలాసార్లు చూస్తాం.

బాగుంది, కానీ కొనం

చైనాలోని నాన్‌జింగ్ 1937లో జపాన్ సైన్యం చేతిలో ఘోరమైన నరమేధం చూసింది. ఆ నగరంలో జిల్ క్లైన్ బృందం సర్వే చేసి 1998లో ఫలితాలు ప్రకటించింది. జపాన్ మీద కోపం ఎక్కువున్నవాళ్లు జపాన్ వస్తువులు కొనడానికి వెనకాడారు. ఆ వస్తువుల నాణ్యత మీద వాళ్ల అభిప్రాయంతో దీనికి పనిలేకపోయింది. సెట్‌స్కేల్ కొలిచేది విదేశీ సరుకంతటి మీదా ఉన్న విముఖత. నాన్‌జింగ్‌లో కనిపించింది ఒక్క దేశం మీది కోపం. నాణ్యత పెంచి, ప్రకటనలు గుప్పించినంత మాత్రాన ఇలాంటి కొనుగోలుదారుడు మెత్తబడడు.

బాటా ఎవరిది?

మన ఇళ్లలో ఎవరినడిగినా బాటా మన కంపెనీ అనే అంటారు. అది 1894లో నేటి చెక్ దేశంలోని జ్లీన్ పట్టణంలో పుట్టింది. కోల్‌కతా దగ్గర బాటానగర్ కట్టి, తరాల తరబడి బడిపిల్లల కాళ్లకు చెప్పులు తొడిగి మనదైపోయింది. ఫ్రెంచి పేరున్న లాక్మే మాత్రం 1952లో టాటాలు మన దేశంలోనే మొదలుపెట్టింది. అమెరికాలోనూ ఇదే తంతు: డెన్మార్క్ పేరులా వినిపించే హాగెన్-డాజ్ ఐస్‌క్రీమ్ న్యూయార్క్‌లో పుట్టింది, ఆ పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు. కొనేవాడిని నడిపేది అసలు పుట్టిన దేశం కాదు, పుట్టిందని అతను అనుకునే దేశం.

దీనికి తోడు స్కూలర్ ప్రయోగంలోనే ఒక పరిమితి ఉంది. ఆ విద్యార్థులకు లేబుల్ తప్ప ధర, బ్రాండు, గ్యారంటీ ఏవీ చెప్పలేదు. పట్టుకోవడానికి ఒకే ఆధారం ఉంటే మనిషి దాన్నే పట్టుకుంటాడు. మిగతా వివరాలు కూడా ముందు పెట్టిన పరిశోధనల్లో దేశం పేరు ప్రభావం తగ్గింది. ఆ ప్రభావం నాణ్యత మీది అంచనాపై ఎక్కువగా, కొనాలన్న ఉద్దేశంపై తక్కువగా కనబడుతుందని కూడా తేలింది.

ఈ అంశం మీద ప్రాజెక్టు చేసే ఎంబీఏ విద్యార్థులకు ఒక మాట. ఇది ఏ దేశపు బ్రాండు అనుకుంటున్నారు అన్నది మొదటి ప్రశ్నగా పెట్టండి. నాణ్యత ఎలా ఉంటుంది, కొంటారా అన్నవి రెండు వేరు ప్రశ్నలుగా అడగండి. ధర కూడా చూపించండి.