లింక్డ్‌ఇన్‌లో నోటు ఎవరికి, ఖాళీ ఆహ్వానం ఎవరికి?

విజయవాడలో బీటెక్ పూర్తిచేసి హైదరాబాద్‌లో డేటా అనలిస్ట్ ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆమెది లింక్డ్‌ఇన్ ఉచిత ఖాతా. వారానికి సుమారు 100 ఆహ్వానాలు పంపుకోవచ్చు. లింక్డ్‌ఇన్ ఈ అంకెను బయటికి చెప్పదు, ఖాతాను బట్టి అది మారుతుంది కూడా. నోటు జోడించే అవకాశం మాత్రం నెలకు ఐదింటికి అటూఇటూ. ఒక్కో నోటు 200 అక్షరాలు దాటకూడదు. అసలు పొదుపు చేయాల్సింది ఆ ఐదు నోట్లనే.

చాలామంది వాటిని హెచ్‌ఆర్ వాళ్లకు ఖర్చుపెట్టేస్తారు. రోజంతా మనుషుల్ని వెతకడమే పనిగా ఉన్నవాళ్లు నోటు లేకపోయినా ప్రొఫైల్ చూసి ఒప్పుకుంటారు. మనమెవరో చెబితే తప్ప ఒప్పుకోనివాళ్లకే నోటు దాచుకోవాలి. ఈ అమ్మాయికైతే, కోరుకున్న కంపెనీలో పనిచేస్తున్న తన కాలేజీ సీనియర్లు ఇద్దరు, ఆ టీమ్‌ను నడిపే మేనేజర్లు ముగ్గురు. సీనియర్‌కు ఇలా రాయొచ్చు:

“నమస్తే సర్, మన కాలేజీలోనే ఈ ఏడాది బీటెక్ పూర్తిచేశాను. డాష్‌బోర్డుల మీద మీరు రాసిన పోస్టు చదివి అలాంటిదే ఒకటి చేశాను. మీతో కనెక్ట్ కావాలనుంది.”

ఖాళీలతో సహా ఇది 200 లోపే. గుణింతాలు, వత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి తెలుగు నోటు అనుకున్నదానికంటే త్వరగా నిండిపోతుంది. ఇందులో ఉద్యోగం మాట లేదు, రెజ్యూమె లేదు. అవతలివాళ్లు ఒప్పుకున్నాక మామూలు మెసేజ్‌కు ఈ 200 అక్షరాల పరిమితి ఉండదు. రెఫరల్ అడగడం అప్పటి పని.

మిగతావాళ్లకు ఖాళీ ఆహ్వానాలే. అయితే వారానికి వంద పంపే వీలుందని వందా పంపకూడదు. ఇరవై పంపితే ఒప్పుకున్న ప్రతి ఒక్కరికీ తీరిగ్గా మెసేజ్ రాయగలం. పంపే ముందు వాళ్ల పోస్టు కింద పనికొచ్చే వ్యాఖ్య ఒకటి రాస్తే, ఆహ్వానం వచ్చేసరికి పేరు గుర్తుంటుంది.

ఫోన్‌లో ఒక జాగ్రత్త. వెతికిన జాబితాలో Connect నొక్కితే చాలాసార్లు నోటు అడక్కుండానే ఆహ్వానం వెళ్లిపోతుంది. ప్రొఫైల్‌లోకి వెళ్లి, మెనూలో Personalize invite ఎంచుకోవాలి. పంపిన ఆహ్వానానికి తర్వాత నోటు తగిలించడం కుదరదు. వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల వరకు ఆగాల్సి వస్తుంది.

వారం పరిమితి అయిపోయిందని తెర మీద కనిపిస్తే వారం ఆగడమే దారి. పంపినవాటిలో ఎక్కువ భాగం జవాబు లేకుండా పడి ఉంటే, ఎవరికి పంపుతున్నామో ఆ జాబితానే మార్చాలి. తెలియనివాళ్లని ఎక్కువమంది తిరస్కరిస్తే ఖాతా మీద ఆంక్షలు పడతాయి. వాటంతటవే ఆహ్వానాలు పంపే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల జోలికి అసలు పోవద్దు. అవి లింక్డ్‌ఇన్ నిబంధనలకు విరుద్ధం, దొరికితే ఖాతాకే ఎసరు.