క్వార్ట్జ్ గడియారంలో సెకను ఎలా తయారవుతుంది?

ఒక్క బిట్‌ను గుర్తుపెట్టుకునే సర్క్యూట్ ఫ్లిప్‌ఫ్లాప్. పాఠ్యపుస్తకాల్లో ఎస్‌ఆర్, జేకే, డి, టి అని నాలుగు రకాలుంటాయి. నా దృష్టిలో ముందు డి రకాన్ని పట్టుకుంటే మిగతావి తేలికే.

దాని ట్రూత్ టేబుల్‌లో ముఖ్యమైనవి రెండే వరుసలు. క్లాక్ 0 నుంచి 1కి ఎగబాకే అంచులో డి 0 అయితే క్యూ 0, డి 1 అయితే క్యూ 1. మిగతా సమయమంతా డి ఎంత మారినా క్యూ కదలదు.

అయితే అంచుకు కాస్త ముందు నుంచి కాస్త తర్వాత దాకా డి నిలకడగా ఉండాలి. వీటినే సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ అంటారు. సరిగ్గా అప్పుడే డి మారితే క్యూ కాసేపు 0కీ 1కీ మధ్య ఊగిసలాడవచ్చు, ఎటు తేలుతుందో చెప్పలేం. మనం నొక్కే బటన్‌కు క్లాక్ సంగతి తెలియదు. అందుకే ఆ సిగ్నల్‌ను వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాపుల గుండా పంపుతారు. మొదటిది తేరుకోవడానికి ఒక క్లాక్ వ్యవధి దొరుకుతుంది.

ఇక క్యూకు వ్యతిరేకమైన అవుట్‌పుట్‌ను తిరిగి డికి కలిపి చూడండి. ప్రతి అంచుకూ క్యూ తిరగబడుతుంది, ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇలాంటి 15 ఫ్లిప్‌ఫ్లాపులు వరుసగా పెడితే 16,384, 8,192 అంటూ తగ్గుతూ చివరిదాని నుంచి సెకనుకు ఒక్క పల్స్ వస్తుంది.