ఫ్రిజ్ మీద ఫిర్యాదు: తెలుగు కాగితం, ఇంగ్లీషు కాపీ

కొన్న వస్తువులో లోపం ఉందని కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు, తెలుగు ఇళ్లలో ఆ పని ఎక్కువగా ఇంగ్లీషు వచ్చిన కొడుకు మీదో, పక్కింటి అమ్మాయి మీదో పడుతుంది. వాళ్లు విన్నదంతా నాలుగు వాక్యాల్లోకి కుదించి, చివర 'ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్' అని పెట్టి పంపేస్తారు. ఫ్రిజ్‌తో రోజూ వేగుతున్న మనిషికి తెలిసిన వివరాల్లో సగం ఆ కుదింపులోనే పోతాయి. అందుకే ఫిర్యాదును ముందు వాడుతున్న మనిషే తెలుగులో పూర్తిగా రాసి సంతకం చేయాలి. ఆ కాగితాన్ని ఇంకొకరు ఇంగ్లీషులోకి మార్చి, రెండూ కలిపి పంపాలి. ఈ పద్ధతికి కాస్త శ్రమ ఎక్కువైనా ఫలితం బాగుంటుంది.

ఉదాహరణకు తెనాలిలో ఒక గృహిణి 2025 మే 4న రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నారనుకుందాం. ఆగస్టులో పైన ఫ్రీజర్‌లో ఐస్ బాగానే కడుతోంది, కింద పెట్టిన పాలు మాత్రం విరిగిపోతున్నాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. ఫ్రిజ్ ఆపి, తలుపులు తెరిచిపెట్టి, ఒక రోజంతా అలాగే ఉంచమన్నాడు. మర్నాడు స్విచ్ వేశాక కింద కూడా చల్లబడింది. పది పన్నెండు రోజులకు మళ్లీ మొదటికొచ్చింది. ఇలా ఆగస్టు 14న, సెప్టెంబర్ 9న, అక్టోబర్ 3న మూడు విజిట్లు అయ్యాయి.

ఈ లక్షణాల వెనక ఏముందో తెలిస్తే ఫిర్యాదులో ఏ వివరం ముఖ్యమో అర్థమవుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లదనాన్ని పుట్టించే కాయిల్ ఒక్కటే, అదీ ఫ్రీజర్ వెనక గోడలో ఉంటుంది. ఒక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని కిందికి తోస్తుంది. కాయిల్ మీద పేరుకునే మంచును అప్పుడప్పుడు ఒక హీటర్ కరిగిస్తుంది. ఆ హీటరో, దాన్ని నడిపే సెన్సరో చెడిపోతే మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. అప్పుడు పైన గడ్డకడుతూనే ఉంటుంది, కింద వేడెక్కుతుంది. ఆపి కరిగిస్తే దారి తెరుచుకుని కొన్నాళ్లు పని చేస్తుంది. గ్యాస్ లీకైతే కథ వేరు. అప్పుడు సాధారణంగా ఫ్రీజర్ కూడా బలహీనపడుతుంది, మంచు కరిగించినంత మాత్రాన ఫ్రిజ్ బాగుపడదు. అంటే 'కరిగించాక పది రోజులు పని చేసింది, మళ్లీ ఆగింది' అన్న ఒక్క వాక్యం లోపం ఎటువైపు ఉందో ఇంజనీరుకు చూపిస్తుంది. ఇంట్లోవాళ్లు కారణం తేల్చి చెప్పక్కర్లేదు, చూసింది చూసినట్టు రాస్తే చాలు.

కోపంలో రాసిన మొదటి చిత్తుప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది: "మీ ఫ్రిజ్ కొని అయిదు నెలలే అయింది. మూడుసార్లు వచ్చారు, చూశారు, పోయారు. బాగైందన్నారు, మళ్లీ అదే. గ్యాస్ పోయిందట. డబ్బులు కట్టమంటున్నారు. ఇది మోసం. కొత్తది ఇవ్వాల్సిందే." తెలుగు వినేవాళ్లకు ఇందులో తెలియనిదేమీ లేదు. ఇంగ్లీషులోకి మార్చబోతే ప్రతి వాక్యం దగ్గరా ఒక ప్రశ్న లేస్తుంది.

ఎవరు వచ్చారు? తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా నడుస్తుంది, ఇంగ్లీషుకు కావాలి. అనువాదం చేసేవాళ్లు అక్కడ 'దే' అని పెట్టేస్తే అమ్మిన షాపు మనిషా, కంపెనీ మెకానిక్కా, బయటి మనిషా అన్నది తేలదు. వారంటీ వ్యవహారంలో ఈ తేడా చిన్నది కాదు. బయటి మెకానిక్ చేత ఫ్రిజ్ విప్పించారని కంపెనీ అనుకుంటే వారంటీ చెల్లదని జవాబిచ్చే అవకాశం ఉంది. 'కంపెనీ సర్వీస్ సెంటర్ పంపిన టెక్నీషియన్' అని తెలుగులోనే రాసుకుంటే అనువాదంలో ఊహించాల్సిన అవసరం రాదు.

'గ్యాస్ పోయిందట' అన్న మాటను ఇంకా జాగ్రత్తగా చూడాలి. చివరి 'ట' వల్ల అది ఎవరో చెప్పగా విన్న మాట అని తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ అక్షరం జారిపోతే, గ్యాస్ లీకైందని కస్టమరే నిర్ధారించినట్టు అవుతుంది. అదే సరైన రోగనిర్ధారణ అయితే పైన ఐస్ ఎలా కడుతోందని అవతలివాళ్లు అడిగితే ఆమె దగ్గర జవాబుండదు. 'గ్యాస్ తగ్గిందని అక్టోబర్ 3న వచ్చిన టెక్నీషియన్ నోటితో చెప్పాడు, జాబ్ షీట్‌లో రాయలేదు' అన్నది నిజానికి దగ్గరగా ఉన్న వాక్యం. ఆ మాట ఎవరిదో, ఎంతవరకు రాతలో ఉందో కూడా అందులో తెలుస్తుంది.

'మోసం' అన్న మాటను తీసేయడమే మేలు. దాన్ని 'చీటింగ్' అనో 'ఫ్రాడ్' అనో మారిస్తే అది నేరారోపణ అవుతుంది. ఫైలు రిపేరు చూసే విభాగం నుంచి లీగల్ విభాగానికి మళ్లడం తప్ప కస్టమర్‌కు ఒరిగేదేమీ ఉండదు. వారంటీ ఏడాది ఉండగా అయిదో నెలలోనే 2,800 రూపాయలు అడిగారన్న సంగతి రాస్తే ఆ బరువు దానికే వస్తుంది. రసీదో, మెసేజో ఉంటే జతచేయాలి.

'పని చేయట్లేదు' అన్న మాట కూడా ఇలాంటిదే. ఇంట్లో అందరికీ దాని అర్థం తెలుసు, కంపెనీలో మాత్రం 'నాట్ వర్కింగ్' అంటే ఫ్రిజ్ అసలు ఆన్ కావడం లేదని చదువుకుంటారు. వచ్చిన మనిషి లైటు వెలగడం, కంప్రెసర్ తిరగడం చూసి 'లోపం లేదు' అని రాసి వెళ్లిపోతాడు. కింద అర చల్లబడటం లేదు, ఫ్రీజర్ పని చేస్తోంది అని విడివిడిగా రాయాలి. వీలైతే కొలిచి రాయాలి. మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి, రాత్రంతా ఉంచి, పొద్దున అందులో థర్మామీటర్ ముంచి చూస్తే చాలు. అయిదు డిగ్రీల లోపు ఉండాల్సిన చోట పద్నాలుగు చూపిస్తే, తేదీతో సహా ఫోటో తీసి పెట్టుకోవచ్చు. తలుపు ముట్టుకుంటే షాక్ కొట్టినా, కాలిన వాసన వచ్చినా ఆ మాట ఉత్తరం మొదట్లోనే రావాలి, ఫ్రిజ్ ప్లగ్ తీసేయాలి. అది ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇంకో చిక్కు ఓటీపీది. సర్వీస్ అయ్యాక మెకానిక్ అడిగే నంబరు చెప్పగానే కంపెనీ కంప్యూటర్‌లో ఆ ఫిర్యాదు 'క్లోజ్' అయిపోతుంది. మూడుసార్లు ఓటీపీ ఇచ్చారు కాబట్టి మూడుసార్లూ కస్టమర్ తృప్తి పడ్డారన్నట్టే గ్రీవెన్స్ ఆఫీసర్ ముందున్న రికార్డు కనిపిస్తుంది. ఈ అడ్డంకిని ఉత్తరమే తొలగించాలి. 'ఓటీపీ ఇచ్చినప్పుడు ఫ్రిజ్ చల్లబడుతోంది, పన్నెండు రోజుల లోపే మళ్లీ ఆగింది' అని ఒక వాక్యం రాసి, మూడు సర్వీస్ రిక్వెస్ట్ నంబర్లు వరసగా ఇవ్వాలి. మూడు వేర్వేరు ఫిర్యాదుల్లా ఉన్నది ఒకే లోపమని అప్పుడే బయటపడుతుంది.

ఇవన్నీ సర్దుకున్నాక తెలుగు ప్రతి ఇలా నిలుస్తుంది: "2025 మే 4న కొన్న ఫ్రిజ్‌లో ఆగస్టు నుంచి కింద అర చల్లబడటం లేదు. ఫ్రీజర్‌లో ఐస్ కడుతోంది. మీ సర్వీస్ సెంటర్ టెక్నీషియన్ ఆగస్టు 14, సెప్టెంబర్ 9, అక్టోబర్ 3 తేదీల్లో వచ్చి ప్రతిసారీ మంచు కరిగించారు. ఏ భాగమూ మార్చలేదు. ప్రతిసారీ పన్నెండు రోజుల లోపే అదే లోపం తిరిగి వచ్చింది. మూడోసారి 2,800 రూపాయలు అడిగారు. వారంటీ 2026 మేలో ముగుస్తుంది. ఫ్రిజ్ మార్చి ఇవ్వాలి, లేదా పూర్తి ధర తిరిగి ఇవ్వాలి." దీన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి పెద్ద పాండిత్యం అవసరం లేదు. నెల పేరు అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే 04-05 అని అంకెల్లో రాస్తే ఏప్రిల్ 5 అని చదివేవాళ్లూ ఉంటారు. మోడల్ నంబరు, సీరియల్ నంబరు మాత్రం బిల్లు నుంచి కాకుండా ఫ్రిజ్ మీది స్టిక్కర్ చూసి రాసుకోవాలి.

చివరి కోరిక స్పష్టంగా లేని ఉత్తరాలకు ఇంకో మెకానిక్‌ను పంపడమే జవాబుగా వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్ లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, ధర తిరిగి ఇవ్వమని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించగలదు. కంపెనీని అడిగేది కూడా ఈ నాలుగింట్లోంచే ఉంటే రేపు కమిషన్‌కు వెళ్లినా అదే కోరిక నిలుస్తుంది. మొదట అడగనిది తర్వాత అడిగితే అవతలి లాయరు దాన్ని పట్టుకుంటాడు.

అనువాదాన్ని పంపే ముందు, తెలుగు కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యాన్నీ తిరిగి తెలుగులో చెప్పి ఫిర్యాదుదారుకు వినిపించాలి. ఇంగ్లీషులో కొత్తగా చేరిన విశేషణాలు, పెరిగిన తేదీలు, మాయమైన 'ట'లు అప్పుడే దొరుకుతాయి. ఇంగ్లీషు ప్రతి కింద 'ఇది తెలుగు మూలానికి అనువాదం, అసలు ప్రతి జతచేశాం' అన్న ఒక వాక్యం, అనువదించిన వారి పేరు ఉండాలి. రెండు ప్రతుల్లో తేడా వస్తే ఏది ఆమె మాటో ఆ వాక్యం వల్ల తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలపాలి, అందిన నెలలోపు పరిష్కరించాలి. ఈ గడువు మెయిల్ పంపిన తేదీతో లెక్కకు వస్తుంది కాబట్టి ఫోన్‌లో చెప్పి ఊరుకోకూడదు. షాపులో కొన్న ఫ్రిజ్‌కు ఈ గడువు వర్తించదు, అయినా ఉత్తరంలోనే జవాబుకు ఒక తేదీ పెట్టవచ్చు. కంపెనీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. అదీ పని చేయకపోతే జిల్లా కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. లోపం మామూలు చూపుకు తేలనప్పుడు వస్తువును లేబొరేటరీ పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. అలా పంపాల్సి వచ్చినప్పుడు ఏ లోపం కోసం పరీక్షించాలో ఫిర్యాదు కాగితంలోనే ఉండాలి.