గోలీసోడా తెలిస్తే చెత్త గ్యాసు సగం తెలిసినట్టే

గోలీ నొక్కగానే సీసాలోంచి 'కుయ్' మంటూ తన్నుకొచ్చేది కార్బన్ డయాక్సైడ్. ఒత్తిడి పెట్టి దాన్ని నీళ్లలోకి ఎక్కించారు, ఒత్తిడి వదలగానే బయటికొచ్చేసింది. ఎండలో పెట్టిన సోడాలో పస ఉండదు, ఐసులో పెట్టిన సోడా ముక్కులోకి కొడుతుంది. ఈ రెండు సంగతులూ ఎరిగినవారికి, కుళ్లిన కూరా అన్నాల గ్యాసుతో బస్సు నడపడం ఎలాగో సగం తెలిసినట్టే. తలనొప్పంతా మిగతా సగంలో ఉంది.

గోబర్ గ్యాసు మనకు కొత్తది కాదు. పొయ్యి కింద వెలిగించుకోవడానికి ఆ గ్యాసు ఎలా ఉన్నా ఫర్వాలేదు. సిలిండర్లోకి ఎక్కించి బండి నడపాలన్నప్పుడే చిక్కు. తిండి వ్యర్థాలను గాలి చొరబడని ట్యాంకులో మగ్గబెడితే వచ్చే గ్యాసులో, పరిమాణం ప్రకారం చూస్తే, సుమారు 60 శాతం మీథేన్, 40 శాతం కార్బన్ డయాక్సైడ్. మండేది మీథేన్ ఒక్కటే. సగానికి పైగా సరుకే కదా అనిపిస్తుంది. తూకం వేస్తే బండారం బయటపడుతుంది. కార్బన్ డయాక్సైడ్ మీథేన్ కంటే దాదాపు మూడింతల బరువు. కిలో ముడి గ్యాసులో మీథేన్ 350 గ్రాములే. మిగతా 650 గ్రాములు మండనిదీ, మంటను చల్లార్చేదీను. బండి మీద ఇంత ఉత్త బరువు మోయించడానికి కంప్రెసర్‌కు కరెంటు ఎవరు పోస్తారు? అందుకే సిలిండర్‌కు ముందు శుద్ధి.

ఎంత శుద్ధి కావాలో భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ప్రమాణం చెబుతుంది. మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాటకూడదు. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, ఆక్సిజన్ మూడూ కలిపి 10 శాతం లోపు. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి మొత్తం గంధకం ఘనమీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు. ఈ పరీక్ష నెగ్గిన గ్యాసునే సీబీజీ అంటున్నారు. బండికి ఇదీ సీఎన్‌జీ ఒకటే.

ఇక సోడా సూత్రానికి వద్దాం. దాదాపు ఒక టన్ను తిండి వ్యర్థాల నుంచి వచ్చే 100 ఘనమీటర్ల ముడి గ్యాసు మన చేతిలో ఉందనుకోండి. దాన్ని మామూలు గాలి ఒత్తిడికి ఎనిమిదింతల ఒత్తిడికి నొక్కి, నిలువుగా నిలబెట్టిన పొడవాటి గొట్టంలోకి అడుగు నుంచి పంపుతారు. పై నుంచి నీళ్లు జల్లు కొడతారు. మధ్యలో గుల్లగుల్లగా ఉండే చిన్న చిన్న ప్లాస్టిక్ ఉంగరాలు నింపి ఉంటాయి. నీళ్లు వాటి మీద పలచగా పరుచుకుని జారుతుంటే, ఎదురుగా గ్యాసు పైకి పాకుతుంది. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో మీథేన్ కంటే పాతిక రెట్లు ఎక్కువ కరుగుతుంది. కాబట్టి అది నీళ్లతో కిందికి దిగిపోతుంది, మీథేన్ పై నుంచి బయటికొస్తుంది. కింద చేరింది అచ్చంగా సోడానే. కాకపోతే తాగేది కాదు.

మూత తీయడం రెండు విడతలుగా జరుగుతుంది. తెలివంతా ఇక్కడే. ముందు ఒత్తిడిని సగం కంటే కిందికి దించుతారు. నీళ్లలో కాస్తోకూస్తో కరిగిన మీథేన్‌కు పట్టు తక్కువ కాబట్టి మొదట అదే పొంగి వస్తుంది. దాన్ని పట్టి మళ్లీ మొదటి కంప్రెసర్‌కు పంపుతారు. ఆ తర్వాత నీళ్లను రెండో గొట్టంలో మామూలు ఒత్తిడికి వదిలి, కింద నుంచి గాలి ఊదుతారు. కార్బన్ డయాక్సైడ్ ఆ గాలితో ఎగిరిపోతుంది. తేలికపడ్డ నీళ్లు మళ్లీ పైకి.

ఎన్ని నీళ్లు కావాలి? 20 డిగ్రీల చల్లని నీళ్లయితే, మన 100 ఘనమీటర్ల గ్యాసుకు కాగితం మీద లెక్క 14 వేల లీటర్లు చెబుతుంది. నడిపేవాళ్లు 18 వేల దాకా తిప్పుతారు. అవే నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి ఖర్చయ్యేది తక్కువే. మే నెల ఎండలో నీళ్లు 40 డిగ్రీలకు చేరితే కరిగే శక్తి దాదాపు మూడింట రెండొంతులకు పడిపోతుంది. వెచ్చబడ్డ సోడా కథే ఇది. అప్పుడు నీళ్లు ఎక్కువ తిప్పాలి, లేదా చిల్లర్ పెట్టాలి. రెండింటికీ కరెంటే. చల్లటి దేశాల్లో తేలిగ్గా నడిచే ఈ పద్ధతికి మన ఎండలు చేసే అదనపు బిల్లు అది. అందుకే మన దగ్గర చాలా ప్లాంట్లు నీళ్లు వదిలేసి బొగ్గు జల్లెడ వైపు మొగ్గాయి. ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్‌ను తన సన్నని రంధ్రాల్లో పట్టుకుని, ఒత్తిడి తీసి వాక్యూమ్ పెట్టగానే వదిలేసే ప్రత్యేకమైన బొగ్గు గుళికలు అవి. నీటి బెడద ఉండదు గానీ, వదిలేటప్పుడు కొంత మీథేన్ కూడా జారిపోతుంది.

జారడం చిన్న విషయం కాదు. నూరేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. పైకి వదిలే గాలిలో ఎంత మీథేన్ పోతోందో కొలిచే మీటరు లేని ప్లాంటును నేనైతే నమ్మను. మీథేన్‌కు రంగూ వాసనా లేవు కాబట్టి, కొలవకపోతే పోతున్నట్టు తెలియను కూడా తెలియదు.

ఇంతవరకూ తేలిక భాగం. నూటికి 40 పాళ్లున్న పెద్ద శత్రువు ఇంత సులువుగా లొంగుతుంది. ప్లాంటును నిజంగా తినేసేది నూటికి 0.2 పాళ్లు ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసన దీనిదే. గుడ్డు, మాంసం, పప్పు, ఉల్లి, వెల్లుల్లి, ఆవాలు, గంధకం ఉన్న ఏ తిండి మగ్గినా ఇది పుడుతుంది. మన వంటగదిలో ఇవి లేని రోజు ఏది? తేమ తగిలితే ఇది ఇనుమును, రాగిని తినేస్తుంది, కంప్రెసర్ కవాటాలను కొరికేస్తుంది. కాబట్టి కథలో తర్వాత చెబుతున్నా, ప్లాంటులో మాత్రం దీని పనే ముందు పట్టాలి. నీటి గొట్టం దీన్నీ కడిగేస్తుంది నిజమే. కానీ రెండో గొట్టంలో గాలి తగలగానే గంధకం పసుప్పచ్చ మడ్డిగా పేరుకుని ఉంగరాల సందులు పూడుస్తుంది.

దీన్ని పట్టేది తుప్పు. మాటవరసకు కాదు, అక్షరాలా. ఇనుప ఆక్సైడ్ గుళికలు నింపిన డబ్బాలోంచి గ్యాసును పంపిస్తే గంధకం ఇనుముతో కలిసి ఇనుప సల్ఫైడ్ అవుతుంది. ఎర్రమట్టి రంగు గుళికలు నల్లబడతాయి. నలుపు పై అంచు దాకా వచ్చిందంటే డబ్బా పని అయిపోయినట్టే. బయటికొచ్చే గ్యాసు ముందు లెడ్ ఎసిటేట్ కాగితం తడిపి పట్టుకోండి. అది గోధుమ రంగుకో నలుపుకో తిరిగితే గంధకం ఇంకా వస్తోంది. వాడేసిన నల్ల గుళికలను తీసి ఆరుబయట కుప్ప పోస్తే గాలి తగిలి వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. తడిపి, పలచగా పరవాలి. ఇక ముక్కును నమ్ముకునేవారికి ఒక్క మాట. ఈ వాయువు పలచగా ఉన్నప్పుడు కంపు కొడుతుంది, చిక్కబడితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. 'వాసన పోయింది' అని లోపలికి దిగినవాళ్లే ప్రాణాలు పోగొట్టుకుంటారు.

గంధకం వదిలించడానికి చవకైన చిట్కా ఇంకోటుంది. మగ్గే ట్యాంకులోకే కాస్త గాలి వదులుతారు. ఆ ఆక్సిజన్‌తో సూక్ష్మజీవులు సల్ఫైడ్‌ను గంధకంగా మార్చేస్తాయి. కరెంటు తీసే ఇంజన్లకు ఇది బాగా పనిచేస్తుంది. బండి గ్యాసుకు మాత్రం ఇదే దెబ్బ కొడుతుంది. ఎందుకంటే గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నైట్రోజన్. అది నీళ్లలో కరగదు. దాని అణువు ఇంచుమించు మీథేన్ అంతే ఉంటుంది కాబట్టి జల్లెడకూ సులువుగా దొరకదు. మన 100 ఘనమీటర్లలోకి 4 ఘనమీటర్ల గాలి వెళ్లిందంటే 3 పైగా నైట్రోజన్. కార్బన్ డయాక్సైడ్‌ను కడిగేశాక మిగిలేది 63 చిల్లర కాబట్టి, నైట్రోజన్ ఒక్కటే దాదాపు 5 శాతం. మూడింటికీ కలిపి ఇచ్చిన పది శాతంలో సగం ఇక్కడే పోయింది.

చెత్త గుట్టల దగ్గర ఈ చిక్కు పదింతలు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైబడ్డ పాత చెత్త కొండకు మూత వేసి, లోపలి గ్యాసును తోడి, దాన్ని శుద్ధి చేసి సీబీజీగా మార్చే ప్లాంటు పెట్టారు. ట్యాంకులో గ్యాసు తనంత తానే పొంగి వస్తుంది. గుట్టలో అలా కాదు, బావులు తవ్వి బ్లోయర్‌తో పీల్చాలి. కొంచెం గట్టిగా పీల్చారంటే మూతలో ఏ చీలిక నుంచో బయటి గాలి లోపలికి వస్తుంది. బావి నుంచి వచ్చే గ్యాసులో మీథేన్ 50, కార్బన్ డయాక్సైడ్ 38, నైట్రోజన్ 10, మిగతావి 2 అనుకుందాం. కార్బన్ డయాక్సైడ్ మొత్తం తీసేసినా మీథేన్ 50, ఇతరం 12. అంటే 81 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎంత కడిగినా 90 రాదు. నైట్రోజన్ 4 దగ్గర ఉంచగలిగితేనే గట్టెక్కుతారు. దాన్ని శుద్ధి యంత్రం చేయలేదు, బావి దగ్గర కవాటం తిప్పే మనిషే చేయాలి.

ఆ మనిషి చూసేది రెండు అంకెలు. బయటి గాలిలో నైట్రోజన్ ఆక్సిజన్‌కు దాదాపు నాలుగింతలు. బావి గ్యాసులో కూడా అదే నిష్పత్తి కనిపిస్తే చెత్తకు సంబంధం లేకుండా గొట్టమే ఎక్కడో కారుతోంది, అతుకు చూసుకోవాలి. నైట్రోజన్ నిండా ఉండి ఆక్సిజన్ దాదాపు లేకపోతే గాలి మట్టిలోంచి చెత్తలోకి దిగింది, సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేశాయి. అది ఎక్కువ ప్రమాదం. గాలి తగిలిన చెత్త లోపల వేడెక్కి, కంటికి కనపడని నిప్పు రాజుకుంటుంది. బావి ఉష్ణోగ్రత పెరుగుతూ కార్బన్ మోనాక్సైడ్ కనిపించిందంటే పీల్చడం తగ్గించాల్సిందే, ఆరోజు ఉత్పత్తి ఎంత పడిపోయినా సరే.

గుట్టతో పోలిస్తే వేరుచేసిన తడి చెత్తకు ఎంత తేడానో ఇండోర్ చూపింది. 2022 ఫిబ్రవరిలో అక్కడ ప్రారంభమైన ప్లాంటును రోజుకు 550 టన్నుల తడి చెత్త, 17 వేల కిలోల సీబీజీ లెక్కన కట్టారు. టన్నుకు 31 కిలోలు. మన 100 ఘనమీటర్ల లెక్కలో మీథేన్ 40 కిలోల దాకా రావాలి కదా అంటే, ఇళ్ల నుంచి వచ్చేది ఉత్త అన్నం కాదు. కొబ్బరి పీచు, ఆకులు, కొమ్మలు, ఉత్త నీళ్లు అన్నీ అందులోనే. ఇది ట్యాంకులో తానే పొంగే గ్యాసు కాబట్టి నైట్రోజన్ బెడద దాదాపు లేనట్టే. గుట్టకు వెళ్లాక గ్యాసు లాగడం కంటే, గుట్టకు వెళ్లకముందే ట్యాంకుకు మళ్లించడం మేలని నా తీర్పు. ఇప్పటికే ఉన్న గుట్టలకు మాత్రం మూతా బావులూ తప్పవు.

మీ మునిసిపాలిటీ రేపు ఇలాంటి ప్లాంటు పెడతామంటే రోజుకు ఎన్ని టన్నులు అన్న ప్రశ్న దగ్గరే ఆగకండి. ముడి గ్యాసులో నైట్రోజన్ ఎంత, గంధకం గుళికలు ఎన్ని రోజులకోసారి మారుస్తారు, పైకి వదిలే గాలిలో మీథేన్‌ను ఎవరు కొలుస్తున్నారు అని అడగండి.